మంచం మీదున్న సభ్యుల ఇళ్ళకి వారానికోసారి వెళ్ళేవాళ్ళు కావాలి (రాజమండ్రి, మా కాలనీ పెద్దల సంఘం)

సంఘం_కార్యదర్శి
అందరికీ నమస్కారం. విషయం సూటిగా చెప్తాను. మన సంఘంలో ఇల్లు కదల్లేని సభ్యులు ఇప్పుడు 12 మంది అయ్యారు. పక్షవాతం వచ్చినవాళ్ళు, తుంటి ఎముక విరిగినవాళ్ళు, డయాలసిస్ మీదున్న ఒకాయన, పిల్లలు బయట ఉండి ఒంటరిగా ఉంటున్న ఇద్దరు పెద్దావిళ్ళు. ఒకప్పుడు నెల నెలా మీటింగుకి ముందు వరసలో కూర్చున్నవాళ్ళే వీళ్ళంతా. ఇప్పుడు చందా రసీదు ఇవ్వడానికి వెళ్ళినప్పుడు తప్ప వాళ్ళ గడప ఎవరూ తొక్కట్లేదు.

ప్రతి ఇంటికీ వారానికోసారి ఇద్దరు వెళ్ళాలి. ఒక జంటకి రెండిళ్ళు, ఒక్కో ఇంట్లో అరగంట నుంచి ముప్పావుగంట, నడకతో కలిపి వారానికి రెండు గంటలు. సాయంత్రం నాలుగున్నర తర్వాత, అంటే వాళ్ళ మధ్యాహ్నం నిద్ర అయ్యాక. 12 ఇళ్ళకి ఆరు జంటలు, అంటే 12 మంది. ఊరెళ్ళేవాళ్ళ బదులు ఇంకో నలుగురు. మొత్తం 16 మంది కావాలి, పేర్లిచ్చింది ఏడుగురు. నర్సింగు తెలియక్కర్లేదు, వయసు పట్టింపు లేదు, మెట్లెక్కగలిగితే చాలు. ఇష్టమున్నవాళ్ళు ఏ రోజు కుదురుతుందో ఇక్కడ రాయండి.

గోదారిగట్టు
నేను రెడీ అండి, బుధవారం. మంచి పని మొదలెట్టారు. వట్టి చేతుల్తో వెళ్తే బాగోదు, మా తోటలో బొండాలు దిగుతున్నాయి, ఇంటికి రెండు చొప్పున నేనే ఇస్తాను. జబ్బు మనిషికి కొబ్బరినీళ్ళని మించింది లేదు, ఏ జబ్బుకైనా సరే.

వలసపక్షి
నేను డల్లాస్ నుంచి. మా నాన్నగారు మీ కాలనీలోనే నాలుగో వీధిలో ఉంటారు. ఈ సర్వీసుకి నెలకి ఎంత తీసుకుంటారు? ఇన్సులిన్ రోజూ పొద్దున్నా రాత్రీ వేయాలి, వారానికోసారి స్నానం చేయించాలి. వెళ్ళిన ప్రతిసారీ ఒక ఫొటో తీసి పంపితే డబ్బు వెంటనే వేసేస్తాను.

సంఘం_కార్యదర్శి
బాబూ, ఇది సర్వీసు కాదు, డబ్బు లేదు. ఇంజెక్షన్లు, స్నానాలు మా వల్ల కాదు, దానికి మనిషిని పెట్టుకోవాలి. మేం వెళ్ళి కూర్చుని మాట్లాడి వస్తాం. ఫొటోలు కూడా తియ్యం. నాన్నగారు సభ్యులేగా, ఆయన సరేనంటే జాబితాలో రాస్తాను. అడగాల్సింది ఆయన్ని, నిన్ను కాదు, ఏమీ అనుకోకు.

రోజుమార్చిరోజు
డయాలసిస్ మీదున్న ఒకాయన అన్నారే, అది నేనే. మంగళ, గురు, శనివారాలు, ఒక్కోసారి నాలుగు గంటలు. మంచం పట్టలేదండీ, ఫోను చూసుకుంటూనే ఉన్నాను. గోదారిగట్టు గారు, మీ బొండాలకి దణ్ణం, నా ఇంటికి మాత్రం తేకండి. కొబ్బరినీళ్ళలో పొటాషియం ఎక్కువ, పాడైన కిడ్నీ దాన్ని బయటికి పంపలేదు, అది రక్తంలో పెరిగితే గుండె లయ తప్పుతుంది. పైగా నాకు రోజు మొత్తానికి డాక్టరు రాసింది లీటరు నీళ్ళు, అందులోనే కాఫీ, మజ్జిగ, మందులు మింగే నీళ్ళు అన్నీ. మీరు ప్రేమగా ఇచ్చే బొండాం నా పూట నీళ్ళు మింగేస్తుంది. బత్తాయి రసానికీ అదే లెక్క.

ఇంకోటి. పోయినేడాది ఒకాయన బీపీ మిషను తెచ్చి నా ఎడమ చేతికి కట్టబోయారు. ఆ చేతికే డయాలసిస్ కోసం రక్తనాళాలు కలిపి ఆపరేషన్ చేశారు, దాని మీద బీపీ కట్టకూడదు, సూది గుచ్చకూడదు, బరువు మోయకూడదు. నేను మెలకువగా ఉన్నాను కాబట్టి సరిపోయింది, నిద్రలో ఉంటే?

వస్తే సోమవారమో శుక్రవారమో రండి, డయాలసిస్ అయిన సాయంత్రం నాకు కళ్ళు తెరవబుద్ధి కాదు. జబ్బు సంగతి ఎత్తకండి. క్రికెట్ మాట్లాడండి, చదరంగం వస్తే బోర్డు నా దగ్గరుంది.

గోదారిగట్టు
అయ్యో, ఇది తెలీదండీ. మరి మిగతా పదకొండు ఇళ్ళకి ఇవ్వచ్చుగా?

సిస్టరమ్మ
ప్రభుత్వాసుపత్రిలో 31 ఏళ్ళు స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యాను. ఇవ్వద్దండి. షుగరున్నవాళ్ళ సంగతి అటుంచండి, పక్షవాతం వచ్చినవాళ్ళలో కొందరికి మింగడం సరిగా రాదు. అన్నం ముద్దకంటే పల్చటి నీళ్ళే వాళ్ళకి ప్రమాదం, గొంతులోంచి జారి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. తాగాక దగ్గు వచ్చినా, గొంతు గరగరమన్నా అదే గుర్తు. ఒక్కోసారి దగ్గు కూడా రాదు, రెండు రోజులకి జ్వరం వస్తుంది, న్యుమోనియా అంటారు, ఏ నీళ్ళ వల్ల వచ్చిందో ఎవరికీ తెలీదు. కాబట్టి ఎవరికీ ఏమీ తాగించొద్దు, తినిపించొద్దు. ఇంట్లో వాళ్ళు పెడుతుంటే చూడండి, ఆయన్ని నిటారుగా కూర్చోబెట్టి పెడుతున్నారా, తిన్నాక ఓ అరగంట అలాగే ఉంచుతున్నారా అని. పడుకోబెట్టే పెడుతుంటే మెల్లిగా చెప్పండి, అంతే.

నేను ఏ రోజైనా వస్తాను. మోకాళ్ళ నొప్పులు, కింది అంతస్తు ఇళ్ళయితే మంచిది.

ఆరోవీధికోడలు
నేను సభ్యురాల్ని కాదు, మా మావయ్యగారు సభ్యులు, ఆయన ఫోను నేనే చూస్తాను. మూడేళ్ళుగా మంచం మీదున్నారు. మీ వాళ్ళు పోయినసారి ఎలా వచ్చారో చెప్పనా? ఎనిమిది మంది, మధ్యాహ్నం పన్నెండున్నరకి, ఒక శాలువా, ఒక దండ. ఆయనకి అప్పుడే డైపరు మార్చాలి, నేను తలుపు దగ్గర నిలబడి ఏం చెయ్యాలో తెలీక చచ్చాను. ఎనిమిది టీలు పెట్టాను. అందరూ మంచం చుట్టూ నిలబడి ఫొటో దిగారు, ఆయన లుంగీ సరిగా లేదు, ఆ ఫొటో గ్రూపులో పెట్టారు. ఒకాయన "మా బావగారికీ ఇలాగే వచ్చింది, ఆర్నెల్లు బతికాడు" అన్నారు, మావయ్యగారి చెవులు బాగానే పనిచేస్తాయి. ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

రావద్దని కాదు. రండి. కానీ ఆయన్ని చూసి నన్ను చూడకుండా వెళ్ళకండి. ఇద్దరు వచ్చి ఆయన దగ్గర ముప్పావుగంట కూర్చుంటే నేను తలంటు పోసుకుంటాను, అది చాలు నాకు.

సంఘం_కార్యదర్శి
అమ్మా, ఆ ఎనిమిదిమందిలో నేనూ ఉన్నాను. తప్పయింది. ఫొటో తీసేయిస్తాను.
నాలుగు మాటలు ఖాయం చేసేద్దాం. ఇద్దరే వెళ్ళాలి, ముందురోజు ఫోన్ చేసి వెళ్ళాలి, మంచినీళ్ళ సీసా ఎవరిది వాళ్ళు తెచ్చుకోవాలి, టీ వద్దనాలి.

చిన్నమేష్టారు
టీ వద్దంటే మన ఊళ్ళో అది అవమానం కదండీ. మా పక్కింటి పెద్దావిడ ఒంటరిగా ఉంటుంది, నాకు టీ పెట్టడమే ఆవిడకి ఆ రోజు పని. ఆవిడ చేతి టీ వద్దంటే ఇక నేను వెళ్ళడం ఎందుకు? రూలు పెడితే పెట్టండి, నేను పాటించను.

సంఘం_కార్యదర్శి
సరే, ఒంటరిగా ఉండేవాళ్ళ ఇంట్లో వాళ్ళంతట వాళ్ళు పెడితే తాగండి మేష్టారూ.

బ్యాంకుబాబాయి
నేను కేరళలో కోజికోడ్‌లో నాలుగేళ్ళు పనిచేశాను. 1993లో అక్కడ మెడికల్ కాలేజీ దగ్గర నొప్పి తగ్గించే క్లినిక్ ఒకటి మొదలై, తర్వాత ఊళ్ళల్లో మామూలు జనమే ఇళ్ళకెళ్ళే పద్ధతిగా పెరిగింది. మా బ్రాంచిలో క్యాషియరు కూడా వెళ్ళేవాడు. వాళ్ళ షరతు కూడా ఇదే, వారానికి కనీసం రెండు గంటలు. కానీ పేరిచ్చిన వెంటనే పంపరు, దాదాపు 16 గంటల క్లాసులు ఉంటాయి, తర్వాత నర్సు వెంట ఇళ్ళకి తిప్పుతారు. ఆ క్లాసుల్లో ఎక్కువ భాగం ఎలా మాట్లాడాలి, ఎలా వినాలి అన్నదే అని చెప్పేవాడు. వాళ్ళ వెనక నర్సు, డాక్టరు ఉంటారు, మన వెనక ఎవరున్నారు? అది తేల్చకుండా మొదలెడితే మూడు నెలల్లో ఆగిపోతుంది.

చిన్నమేష్టారు
16 గంటల క్లాసంటే ఉన్న ఏడుగురూ పారిపోతారు.

సిస్టరమ్మ
16 వద్దు, రెండు ఆదివారాలు ఇవ్వండి, రెండేసి గంటలు. నేను చెప్పేది ఎక్కువ ఒక్క విషయమే, వీపు పుండ్లు. ఒక ఇంటి సంగతి చెప్తాను, ఊరు చెప్పను. నేను రిటైరయ్యాక ఇంకో కాలనీలో ఇలాగే వెళ్ళేదాన్ని. ఆయనకి 78, కుడి పక్క పడిపోయింది. చూసుకునేది 72 ఏళ్ళ భార్య ఒక్కతే. మొదటి వారం అంతా బాగుంది, ఉతికిన దుప్పటి, శుభ్రమైన గది. రెండో వారం గదిలో ఏదో వాసన తేడాగా ఉంది. మూత్రం వాసన కాదు. "వీపు చూశారామ్మా" అని అడిగాను. "చూస్తూనే ఉన్నానండీ, కొంచెం ఎర్రగా ఉంది, పౌడరు రాస్తున్నా" అంది. ఆయన్ని అడిగి, ఆవిడ ముందే పక్కకి తిప్పి చూశాం. తోక ఎముక మీద రూపాయి బిళ్ళకంటే కొంచెం పెద్ద మచ్చ.

వేలితో నొక్కి తీస్తే మామూలు ఎరుపైతే ఒక క్షణం తెల్లబడి మళ్ళీ ఎర్రబడుతుంది. తెల్లబడకపోతే లోపల రక్తం ఆగి కండ దెబ్బతింటోందని అర్థం. కానీ మన ఒంటి రంగుకి చాలామందిలో ఎరుపు కనపడదండీ, పుస్తకం చూసి వెళ్తే మోసపోతాం. చుట్టూ ఉన్న చర్మంకంటే నల్లగానో వంగపండు రంగులోనో ఉంటుంది. వేళ్ళ వెనకవైపు ఆనించి చూస్తే వేడిగా ఉంటుంది, నొక్కితే గట్టిగానో మరీ మెత్తగానో తగులుతుంది. ఈయనకి నల్లగా, వేడిగా, మెత్తగా ఉంది. చర్మం ఇంకా తెగలేదు, మడతలో తడి ఆగి నానుతోంది, వాసన అదే.

గోదారిగట్టు
మా అమ్మకి వస్తే మేం మధ్యలో కన్నం ఉండే రబ్బరు ట్యూబు కొన్నాం, దాని మీద కూర్చోబెట్టేవాళ్ళం. కొబ్బరినూనెతో గట్టిగా మర్దనా చేస్తే రక్తం ఆడుతుంది. అది చెప్పకూడదా?

సిస్టరమ్మ
మీరు చెప్పినదాంట్లో నూనె వరకూ పర్లేదు, పొడిబారిన చర్మానికి మెల్లిగా రాయచ్చు. మచ్చ ఉన్నచోట మాత్రం మర్దనా చెయ్యకూడదు, లోపల నలిగిన కండ ఇంకా నలుగుతుంది. ఆ ట్యూబు ఒకప్పుడు మేమే ఆసుపత్రిలో ఇచ్చేవాళ్ళం. కన్నం చుట్టూ ఒత్తిడి పడి మధ్యలోకి రక్తం రానివ్వదు, అందుకే మానేశారు.

చెయ్యాల్సింది రెండు గంటలకోసారి పక్క మార్చడం. ఎడమ పక్క, వెల్లకిలా, కుడి పక్క. పూర్తిగా పక్కకి తిప్పక్కర్లేదు, వీపు వెనక దిండు పెట్టి కొంచెం ఒరిగేలా చేస్తే చాలు. పిక్కల కింద ఇంకో దిండు, మడమలు గాల్లో ఉండాలి, మడమల పుండు ఎవరూ చూడరు, చూసేసరికి నల్లబడిపోతుంది. ఈయనకి మచ్చ ఉన్నన్నాళ్ళూ వెల్లకిలా మానేసి ఎడమ, కుడి మాత్రమే అని గోడ మీద కాయితం అంటించాం, ఎన్నింటికి ఏ పక్కో రాసి.

మర్నాడు ఫోన్ చేస్తే ఆవిడ ఏడుస్తోంది. పగలు చేసింది, రాత్రి చెయ్యలేకపోయింది. ఆయన 70 కిలోలు, ఆవిడకి నడుం నొప్పి. మేం వారానికోసారి వెళ్ళేవాళ్ళం రెండు గంటలకోసారి ఎలా తిప్పుతాం చెప్పండి? అప్పుడు రెండు పనులు చేశాం. పాత కాటన్ దుప్పటి నాలుగు మడతలు వేసి ఆయన భుజాల నుంచి తొడల దాకా అడ్డంగా పరిచాం, మనిషిని పట్టుకుని లాగకుండా దుప్పటి అంచు పట్టుకుని లాగితే సగం బరువు తగ్గినట్టుంటుంది, చర్మం రాసుకోదు. పక్క వాటాలో డిగ్రీ కుర్రాడు రాత్రి పదింటికి, మళ్ళీ చదువు అయ్యాక ఒంటిగంటకి వచ్చి ఒక చెయ్యి వేసేవాడు. తెల్లారుజామున ఆవిడ. అంటే రాత్రి రెండు గంటల లెక్క కుదర్లేదు, మూడు నాలుగు గంటలైంది. అందుకని అద్దెకి ఎయిర్ బెడ్ తెప్పించాం. చాలామంది ఎయిర్ బెడ్ ఉంటే తిప్పక్కర్లేదనుకుంటారు, తిప్పాలి, కాకపోతే కొంచెం ఎడం ఇవ్వచ్చు. గాలి సరిగా ఉందో లేదో చూడాలంటే పిరుదుల కింద, బెడ్డుకి అడుగున అరచెయ్యి పెట్టండి, ఎముక చేతికి తగిలితే గాలి చాలదు.

నాలుగో వారానికి మచ్చ రంగు తిరిగింది, చర్మం తెగలేదు. అందులో మా గొప్ప ఏమీ లేదు, కుర్రాడిది సగం. అతనికి పరీక్షలయ్యి ఊరెళ్ళిపోయాక మళ్ళీ టెన్షనే, కొన్నాళ్ళు రాత్రికి మనిషిని పెట్టారు, డబ్బు సరిపోలేదు, మానేశారు. ఆ తర్వాత నేను ఇల్లు మారాను.

చర్మం తెగినా, నీరు కారినా, నల్లటి పొర కట్టినా మీరు సలహా చెప్పకండి, డాక్టరు చూడాల్సిందే.

ఆరోవీధికోడలు
సిస్టరమ్మ గారూ, మావయ్యగారికి మడమ దగ్గర చిన్న నల్లమచ్చ ఉంది. షూ రాసుకుని వచ్చిందేమో అనుకున్నాను. మూడేళ్ళుగా షూ ఎక్కడిది, ఇప్పుడు తట్టింది నాకు. మీరు రేపు రాగలరా?

సిస్టరమ్మ
రేపు నాలుగున్నరకి వస్తాను. ఈలోపు పిక్క కింద దిండు పెట్టండి, మడమ మంచానికి ఆనకూడదు. షుగరుంటే ఆయన డాక్టరుకి పొద్దున్నే ఫోన్ చెయ్యండి, నాకోసం ఆగకండి.

బ్యాంకుబాబాయి
చూశారా, ఇదే నేనన్నది. మగ వాలంటీర్లు వెళ్ళిన ఇంట్లో పెద్దావిడకి వీపు ఎలా అడుగుతారు? జంటలో ఒక ఆడమనిషి తప్పకుండా ఉండాలి. పేర్లిచ్చిన ఏడుగురిలో ఆడవాళ్ళు ఎందరు?

సంఘం_కార్యదర్శి
ఇద్దరు, సిస్టరమ్మ గారితో కలిపి.

వలసపక్షి
నాన్నగారితో మాట్లాడాను. రమ్మన్నారు, కానీ ఒక్కరే వస్తే మాట్లాడతానన్నారు, ఇద్దరైతే ఇంటర్వ్యూలా ఉంటుందట. ఇంకో సంగతి, నవంబరులో ఆయన లైఫ్ సర్టిఫికెట్ ఫోన్‌లో ముఖం చూపించి చేయించాలి, రైల్వే పెన్షను. మీ వాళ్ళు చేస్తారా? ఆధార్ నంబరు, ఓటీపీ నేను చెప్తాను.

చిన్నమేష్టారు
నేను చేస్తాను, పోయినేడాది మా వీధిలో ఆరుగురికి చేశాను. `AadhaarFaceRD`, `Jeevan Pramaan` రెండూ ఫోన్‌లో వేసుకుంటే చాలు, వెలుతురు ముఖం మీద పడాలి, కిటికీకి ఎదురుగా కూర్చోబెట్టాలి. కళ్ళు ఆర్పమన్నప్పుడు ఆర్పాలి, కేటరాక్ట్ ఆపరేషనైనవాళ్ళకి నాలుగైదు సార్లు పడుతుంది. 80 దాటినవాళ్ళకి అక్టోబరు నుంచే తీసుకుంటారు.

సంఘం_కార్యదర్శి
మేష్టారూ, మీరు చేస్తారు సరే, మీరు నిజాయితీపరులని నాకు తెలుసు. రేపు ఇంకొకరు ఓటీపీ అడిగితే? వాలంటీర్లు ఫోన్లూ, ఏటీఎం కార్డులూ, బీరువా తాళాలూ ముట్టుకోకూడదని పెడదామనుకుంటున్నాను. ఇంటింటికీ వచ్చి లైఫ్ సర్టిఫికెట్ చేసే పోస్ట్‌మ్యాన్ ఉన్నాడు, ఆయన్ని పిలిపిద్దాం.

చిన్నమేష్టారు
పోస్ట్‌మ్యాన్ ఎప్పుడొస్తాడో నాకు తెలీదా. ఇది నాకు నచ్చలేదు. ఆదివారం మాట్లాడదాం.

రోజుమార్చిరోజు
పుస్తకం సంగతి కూడా తేల్చండి. వచ్చినవాళ్ళు చూసింది రాసే పుస్తకం ఎవరి దగ్గర ఉంటుంది? నా జబ్బు వివరాలు సంఘం ఆఫీసు బల్ల మీద పడుంటే నాకు ఇష్టం లేదు. పుస్తకం నా ఇంట్లోనే ఉండాలి, నా మంచం పక్కన, వచ్చినవాళ్ళు అందులో రాసి నాకు చదివి వినిపించాలి.

సిస్టరమ్మ
సబబే. పుస్తకం ఇంట్లో. కార్యదర్శి దగ్గర తేదీ, ఎవరు వెళ్ళారు, మళ్ళీ ఎవరు ఫోన్ చెయ్యాలి, అంతే ఉండాలి. కాకపోతే ఇంట్లో వాళ్ళే సరిగా చూడట్లేదనో, కొడుతున్నారనో అనుమానం వస్తే ఆ పుస్తకంలో రాయకండి, వాళ్ళే చదువుతారు. కార్యదర్శికి విడిగా చెప్పండి. పెద్దలకోసం 14567 నంబరు ఉంది, ఎక్కడినుంచైనా చెయ్యచ్చు. ఒక్కసారి చూసి చేసేయకండి, కోడలు విసుక్కుందని కేసు కాదు.

ఆరోవీధికోడలు
ఆ చివరి మాటకి థాంక్స్ అండి. నేను కూడా పేరిస్తున్నాను, శనివారం, మావయ్యగారి దగ్గర ఎవరైనా కూర్చుంటేనే. ఆడవాళ్ళు ముగ్గురు.

గోదారిగట్టు
మా ఆవిడ కూడా వస్తానంటోంది, నలుగురు. బొండాలు ఆదివారం మీటింగులో మనమే తాగేద్దాం.

సంఘం_కార్యదర్శి
ఇప్పటికి లెక్క, మేష్టారితోనూ బ్యాంకు బాబాయి గారితోనూ కలిపి పదకొండు. బాబాయి గారూ, మీరు పేరివ్వలేదు, నేనే రాసేశాను. ఆరు ఇళ్ళతో మొదలెడదాం, మిగతా ఆరుకి ఫోన్ మాత్రం చేద్దాం, జనం పెరిగేదాకా. ఆదివారం ఉదయం పదింటికి సంఘం హాల్లో సిస్టరమ్మ గారి మొదటి క్లాసు, మంచం, దుప్పటి, రెండు దిండ్లు తెప్పిస్తున్నాను, పడుకోడానికి ఒక 70 కిలోల మనిషి కావాలి.

ఒంటరిగా ఉండే ఇద్దరు పెద్దావిళ్ళలో ఒకావిడ తలుపు తీయడానికి మంచం దిగి రాలేకపోతోంది, పనమ్మాయి పదకొండింటికే వెళ్ళిపోతుంది. రెండో తాళంచెవి ఎవరి దగ్గర ఉంచాలో నాకు తేలట్లేదు. పూణెలో ఉన్న కూతురు వాలంటీరుకి ఇవ్వద్దంటోంది, ఆవిడేమో గడియ వేసుకోకుండా పడుకుంటానంటోంది. ఏం చేద్దాం చెప్పండి.

బ్యాంకుబాబాయి
నా బరువు 82. పడుకోడానికి నేనొస్తాను. తాళంచెవి సంగతి ఆవిడ ఇంటికెళ్ళి అడిగి రాస్తాను, ఫోన్‌లో తేలేది కాదు.